పంచె కట్టే ముందు అంచు చూడాలి

మా తాతల చేతిమగ్గం తెలంగాణ పల్లెలోనే ఉండిపోయింది. మా నాయన భివండీకి వచ్చి సాంచె పట్టాడు, నేనూ పద్మనగర్‌లో అదే పని చేస్తూ ముసలివాడినయ్యాను. మా సాంచాల మీద దిగేది ఎక్కువగా కోరా గుడ్డ. మా మగవాళ్లు ఒంటికి చుట్టుకునేది మాత్రం లుంగీ, పండుగొస్తే పంచె. గుడ్డ నేసేవాడికి గుడ్డ కట్టడం దానంతటదే వస్తుందని బయటివాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. ఈ మధ్య పెళ్లిళ్లకు, ధోతి ఫంక్షన్లకు మన పిల్లలు పంచె కట్టాలని ముచ్చటపడుతున్నారు. కట్టాక నడుము దగ్గర జారుతోందనో, చీలమండకు జానెడు పైకి పోయిందనో, ఒక్క ఉతుకుకే అంచు అలలు తిరిగిందనో మా ఇంటికి వచ్చి అడుగుతారు. వాళ్లకు నోటితో చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు నడుము కొలుచుకోవాలి, ఆ తర్వాతే మూరలు అడగాలి.

మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, లెక్కకు 18 అంగుళాలు. నాలుగు మూరల పంచె 72 అంగుళాలు, ఎనిమిది మూరలది 144. దుకాణంలో వీటినే రెండు మీటర్లు, మూడు మీటర్ల అరవై, నాలుగు మీటర్లు అని చీటీ మీద రాస్తారు. ఎనిమిది మూరలు కోయకుండా ఒకే ముక్కగా వస్తే చాపు అంటాం. తమిళనాడు వైపు నుంచి వచ్చే వేష్టి కూడా ఇదే కొలతల్లో ఉంటుంది, నాలుగు మూరలది ఒంటిపొర, ఎనిమిది మూరలది రెండు పొరలుగా మడిచి చుట్టుకునేది. పూజలకు కచ్చ పోసి కట్టేవాళ్లు 9×5, 10×6 అని అడిగి తీసుకుంటారు. అందులో మొదటి అంకె పంచె మూరలు, రెండోది పైన వేసుకునే ఉత్తరీయం మూరలు.

నడుము 36 అంగుళాలున్న మనిషికి నాలుగు మూరలు సరిగ్గా రెండు చుట్లు వస్తాయి. అంటే ముందువైపు ఎక్కడ చూసినా రెండు పొరలుంటాయి, అడుగు వేసినా తొడ బయటపడదు. అదే మనిషికి పొట్ట పెరిగి నడుము 42 అయితే, 72లో 42 ఒక చుట్టుకే పోయి మిగిలేది 30 అంగుళాలు. రెండో పొర పూర్తిగా చుట్టిరాదు, బస్సెక్కేటప్పుడు ముందు చీలిక విచ్చుకుంటుంది. మన పెద్దవాళ్లలో చాలామంది పెళ్లినాటి నాలుగు మూరలే అరవై ఏళ్లు వచ్చినా కట్టి, పంచె నిలవడం లేదని గుడ్డను తిట్టుకుంటారు. నడుము 40 దాటినవాళ్లు ఎనిమిది మూరల చాపు తీసుకుని, దాన్ని సగానికి కాకుండా మూడోవంతు దగ్గర మడిచి కడితే చుట్టూ నిండుగా వస్తుంది.

కుట్టిన లుంగీ లెక్క వేరు. రెండు మీటర్ల గుడ్డ కొసలు కలిపి కుడితే 78 అంగుళాల గుండ్రం అవుతుంది. 36 నడుముకు 42 అంగుళాలు మిగులు. ఆ మిగులును ఒక పక్కకు లాగి ముందుకు మడిచినా, రెండు పక్కలకు పంచి ఒకదాని మీద ఒకటి వేసినా ఎక్కడా విచ్చుకోదు. పడుకుని లేచినా ఒంటి మీద ఉండాలంటే కుట్టిన లుంగీయే మంచిది. కుట్టు లేని లుంగీ పగటిపూటకు, పెద్దవాళ్ల ఎదుట మసలేటప్పటికి మాత్రమే.

2. పొడవు ఒక్కటే అడిగి వెడల్పు అడగకపోతే డబ్బు దండగ.

పంచె వెడల్పు సుమారు 50 అంగుళాలు. నడుము నుంచి చీలమండ దాకా నడితరం పొడుగున్న మనిషికి 39, 40 అంగుళాలుంటుంది. మిగిలిన పది అంగుళాలు నడుము దగ్గర చుట్లుగా మడవాలి, ఆ చుట్లే పంచెను పట్టి ఉంచుతాయి. చవక సరుకులో 45, 46 అంగుళాల వెడల్పు కూడా వస్తుంది. ఆరడుగుల మనిషి అది కడితే మడవడానికి గుడ్డ మిగలదు. చీలమండ మీదకు పంచె పోయిందంటే ఉతికి కుంచించుకుపోయిందనుకుంటారు, చాలాసార్లు అది మొదటి నుంచీ వెడల్పు తక్కువ గుడ్డే. కొనేటప్పుడే గుడ్డను విప్పి నడుముకు ఆనించి, అంచు నేలకు తగిలి ఇంకా జానెడు మిగులుందో లేదో చూసుకోవాలి.

3. అంచు చదవడం వస్తే గుడ్డ సగం చదివినట్టే.

తెల్ల పంచెకు ఎర్రంచు ఎలా వస్తుందో మగ్గం ఎరుగనివాళ్లకు చెబుతాను. నిలువు దారం పడుగు, అడ్డదారం పేక. పడుగు పోసేటప్పుడే రెండు చివర్లలో కావలసినంత మేర ఎర్ర నూలు పెడతారు. నాడె అటూ ఇటూ తిరిగేటప్పుడు కండెలో ఉన్నది తెల్ల నూలే కాబట్టి ఎర్ర పడుగు మీద తెల్ల పేక పడి, అంచు నిండెరుపుకు బదులు వెలిసిన ఎరుపుగా కనిపిస్తుంది. దీన్ని కప్పిపుచ్చడానికి సాంచె మీద ఒక పని చేస్తారు. పన్నెలో ఒక్కో సందులోంచి రెండు పోగులు పోయే చోట అంచు మేరకు మూడు, నాలుగు పోగులు పోనిచ్చి ఎర్ర నూలును దట్టం చేస్తారు. అప్పుడు పైకి రంగు నిండుగా ఉంటుంది. అంచును రెండు బొటనవేళ్ల మధ్య అడ్డంగా సాగదీసి వెలుగుకు పట్టి చూస్తే మాత్రం ఆ ఎరుపు సందుల్లోంచి తెల్ల చుక్కలు కనిపిస్తాయి.

చేతిమగ్గం మీద అసలైన నిండంచు వేరేలా వస్తుంది. ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. అంచు పేక కూడా అంచు రంగుదే కాబట్టి ఎంత సాగదీసినా తెలుపు కనిపించదు. ఒంటి పేక, అంచు పేక కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిపడతాయి, ఆ గీతను వెనక నుంచి గోటితో తడిమితే సన్నని గట్టు తగులుతుంది. గద్వాల నేతలో దీన్ని కుప్పడం అంటారు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి వెళ్లే ఏరువాడ జోడు పంచెలు ఇటువంటి అంచు పనికి పెట్టింది పేరు. స్వామి పంచె పొడవు 11 గజాలు, అంటే మన లెక్కన 22 మూరలు, రెండు వైపులా అంచే 15 అంగుళాలు. గుడ్డ వెడల్పు కూడా ఒక్కరి చేతికి అందనంత ఉంటుంది గనుక మగ్గం మీద ఒకరికి మించి పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఆ పని సాంచెతో రాదని సాంచె మీద బతికినవాడిగా చెబుతున్నాను.

చట్టం సంగతి కూడా మన పిల్లలకు తెలియాలి. 1985లో పార్లమెంటు చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ చట్టం చేసింది. మొదట ఆ జాబితాలో 22 రకాలుండేవి, తర్వాత 11కు తగ్గించారు. ధోవతి, లుంగీ రెండూ ఆ పదకొండులోనూ ఉన్నాయి. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ధోవతి, లుంగీ అన్న పేరున్న ప్రతి గుడ్డా అందులోకి రాదు, ఎలాంటి అంచు, ఎలాంటి నేత అన్న వివరణ ఉంటుంది. దుకాణంవాడు చేనేత అని చెప్పి ఎక్కువ ధర తీసుకున్నప్పుడు అంచును సాగదీసి చూసే హక్కు మీకుంది, చూడండి.

అంచులో దారం ఏమిటన్నది ఇంకా పెద్ద విషయం. ఒళ్లు నూలు, అంచు పాలిస్టర్ లేదా మెరుపు జరీ అయితే మొదటి ఉతుకులోనే తేడా బయటపడుతుంది. నూలు గుడ్డ నీళ్లలో పడితే నూటికి మూడు నాలుగు వంతులు కుంచించుకుంటుంది. ఎనిమిది మూరల మీద అది నాలుగైదు అంగుళాలు. పాలిస్టర్ కుంచించుకోదు. ఒళ్లు తగ్గి అంచు అలాగే ఉంటే మిగులు పొడవు ఎక్కడికీ పోలేక అంచు అలలు అలలుగా లేస్తుంది. ఇస్త్రీ ఎంత గట్టిగా నొక్కినా ఆ అలలు తిరిగి వస్తాయి, ఎందుకంటే తేడా ముడతలో లేదు, పొడవులో ఉంది. కాబట్టి అంచు కొస నుంచి ఒక పోగు లాగి నిప్పు పెట్టి చూడాలి. నూలు కాగితంలా మండి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి నల్లని గట్టి పూసగా మిగులుతుంది. అంచులో పూస కనిపిస్తే ఆ పంచెను వాడేముందే రాత్రంతా మంచినీళ్లలో నానేసి, నీడలో ఆరేసి, తడిగా ఉన్నప్పుడే ఇద్దరు రెండు కొసలు పట్టి ఒంటిని అంచుతో సమంగా లాగాలి. అలలు పూర్తిగా పోకపోయినా తగ్గుతాయి. రంగు దిగుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ఎర్రంచును తడిపి తెల్ల గుడ్డ మధ్య పెట్టి గట్టిగా అదిమితే గుడ్డకు ఎరుపు అంటిందంటే, ఆ పంచెను మడిచి తడిగా ఎప్పుడూ ఉంచకూడదు. మడతలో అంచు ఆనిన చోటల్లా ఒంటి మీద గులాబీ చార పడుతుంది.

4. మడిచి కట్టే గుడ్డకు రెండు ముఖాలూ ఒకటే ఉండాలి.

లుంగీకి గళ్లు ఎందుకంటే మురికి కనపడదు గనుక అంటారు. అదీ ఉంది. ఇంకో కారణం మడతలో ఉంది. లుంగీ కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి నడుము దగ్గర దోపినప్పుడు లోపలి ముఖం బయటికి వస్తుంది. రంగు నూలుతో గళ్లు నేసిన లుంగీకి లోపలా బయటా తేడా లేదు, ఎత్తినా దించినా అదే గుడ్డ. అద్దకం లుంగీకి వెనక ముఖం వెలవెలబోయి ఉంటుంది, మోకాళ్ల మీదకు ఎత్తగానే ఆ వెలిసిన వైపే లోకానికి కనిపిస్తుంది. పనిలో ఎత్తి కట్టేవాళ్లు నేత గళ్లే కొనాలి. అడ్డగళ్ల కోసం పేకలో రెండు మూడు రంగులు మార్చాలి కాబట్టి ఒక్క నాడె సాంచె మీద అది సాగదు, పెట్టెలు మారే సాంచె కావాలి. అందుకే నేత గళ్ల లుంగీకి ధర ఎక్కువ. నిలువు చారలు మాత్రమే ఉండి అడ్డచారలు లేకపోతే అది ఒంటి నాడె గుడ్డ అని గుర్తు.

తెల్ల పంచెను ఎత్తి కడితే అంచు ఎక్కడికి పోతుందో కూడా గమనించాలి. పాదాల దగ్గరుండాల్సిన అంచు నడుము దగ్గరకు వస్తుంది, మోకాలి దగ్గర అంచు లేని ఉత్త మడత మిగులుతుంది. అంచు కోసం డబ్బు పెట్టిన పంచెను దించి కట్టాలి. పొలానికీ బజారుకూ ఎత్తి కట్టుకోవాలంటే సన్నంచు పంచె చాలు.

సాంచాల షెడ్డు మాట వేరుగా చెప్పాలి. వేసవిలో భివండీ షెడ్డులో పన్నెండు గంటల పాలీ చేసేవాడికి లుంగీ ఎంత సుఖమో నాకు తెలుసు. మా పక్క గల్లీల్లో అన్సారీ నేతగాళ్లూ గళ్ల లుంగీతోనే పని చేసేవారు. కానీ మోటారు పట్టా తిరిగే పక్కకు దించి కట్టిన లుంగీతో పోకూడదు. వేలాడే కొస పట్టాలో చిక్కితే గుడ్డ చినిగేలోపే మనిషిని లాగుతుంది, ఎందుకంటే నూలు గుడ్డ పొడవున అంత తేలిగ్గా తెగదు. తిరుగుతున్న యంత్రం మీద పని చేసేవాడు ఒంటికి బిగుతుగా ఉన్న బట్టలే వేసుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ చెప్పింది. చిన్న షెడ్లకు ఆ చట్టం వర్తించినా వర్తించకపోయినా పట్టాకు ఆ తేడా తెలియదు. లోపల నిక్కరు వేసుకుని, లుంగీని మోకాలి పైకి ఎత్తి, కొసను ముందు కాకుండా వెనక నడుములో దోపి పని చేసేవాళ్లను చూశాను. అదైనా సాంచె ఎదుట నిలబడ్డంత సేపే, పట్టా వైపు పోయేముందు లుంగీ తీసి పాంటు వేసుకోవడమే సరి.

5. జారేది కట్టు తప్పు వల్ల తక్కువ, గుడ్డ నునుపు వల్ల ఎక్కువ.

అడ్డకట్టు, అంటే వేష్టిలా చుట్టే కట్టు, చూడటానికి తేలిక. గుడ్డను వెనక నుంచి రెండు చేతుల్లో పట్టుకుని, కుడి కొసను ముందు నుంచి ఎడమ నడుముకు తెచ్చి అదిమిపట్టాలి. ఎడమ కొసను దాని మీదుగా కుడి నడుముకు తెచ్చి బిగించి, లోపలికి దోపాలి. అప్పుడు చెంగు అంచు ముందు కుడివైపు నిలువుగా దిగుతుంది. కేరళలో ముస్లింలు చివరి కొసను ఎడమవైపుకు, మిగిలినవాళ్లు కుడివైపుకు పోనివ్వడం రివాజు. మన దగ్గర అటువంటి పట్టింపు నేను చూడలేదు. దోపిన తర్వాతే అసలు పని. పైఅంచును బయటికి, కిందికి రెండు వేళ్ల వెడల్పున, కింది అంచు చీలమండకు వచ్చేదాకా చుట్లు చుట్టాలి. ప్రతి చుట్టుకూ ఊపిరి కొంచెం లోపలికి పీల్చి, చుట్టాక వదలాలి. ఊపిరి బయటకు వదిలేసి పొట్ట తగ్గినప్పుడు చుడితే భోజనం చేశాక బిగుసుకుంటుంది, పొట్ట నిండా ఊపిరి పట్టి చుడితే లేవగానే వదులవుతుంది.

ఈ చుట్టు నిలబడేది నూలు మీద నూలు ఒరిపిడి వల్ల. కొత్త పంచెకు గంజి, ఇస్త్రీ కలిసి నునుపు ఎక్కువ ఉంటుంది, అందుకే కొత్తది మొదటిరోజే ఫంక్షన్లో కట్టినవాడికి నడుము మీద చేయి తీయడానికి కుదరదు. ఒక్క ఉతుకు పడితే నూలు కొంచెం పొంగి పట్టు దొరుకుతుంది. పాలిస్టర్ కలిసిన పంచె ఎన్ని ఉతుకులైనా నునుపే. దానికి నడుము పట్టీ పెట్టాలి, లేకపోతే అతుక్కునే పట్టీ కుట్టించాలి. ఆ పట్టీ తప్పేమీ కాదు, పాలిస్టర్ గుడ్డకు అదే సరైన మందు. నూలు పంచె కట్టేవాడికి మొలతాడు చాలు. చుట్టు చుట్టేటప్పుడు మొలతాడును మొదటి మడతలో పడేలా చూసుకుంటే చుట్టంతా దాని మీద కూర్చుంటుంది. పట్టు పంచె నూలుకన్నా నునుపు, బరువు కూడా ఎక్కువ. దానికి పైన ఉత్తరీయాన్ని నడుముకు కట్టే మన పాత అలవాటు పనికొస్తుంది.

వేష్టి కట్టినవాడికి గౌరవం తక్కువ చేసే చోట్లు మొన్నటి దాకా ఉన్నాయి. 2014 జులైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్‌ను వేష్టి కట్టుకొచ్చారని చెన్నైలో ఒక క్రికెట్ సంఘం క్లబ్బు లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు శాసనసభ అలాంటి నిబంధనలు చెల్లకుండా చట్టం చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పంచెకు అటువంటి చట్టం అవసరం రాకపోవచ్చు. మన పిల్లలు పంచె కట్టి ఆఫీసుకు పోతే ఎవరూ ఆపకూడదని మాత్రం నా మనసులో ఉంది.

6. గోచి కట్టుకు బరువంతా ముడి మీద, చిన్నవాడికి కొలత వేరు.

గోచి పంచె, మా ఇళ్లలో ధోతి అంటాం, కట్టు చాలా పాతది. ఇక్కడి మరాఠీ పెద్దలు కట్టే ధోతరం కూడా ఈ పద్ధతిదే. గుడ్డ నడిమి భాగాన్ని వెనక నడుముకు ఆనించి, రెండు వైపులా ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర ముడి వేయాలి. ఒక కొసను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుములో దోపాలి. రెండో కొసను కుచ్చిళ్లు పోసి ముందు దోపాలి. అడ్డకట్టులో చుట్టు వదులైతే అంతా ఊడిపోతుంది. ఇందులో కుచ్చిళ్లు జారినా వెనక గోచి జారినా ముడి ఉన్నంతవరకు పంచె నడుము మీదే ఉంటుంది. పరిగెత్తేవాడికి, బరువెత్తేవాడికి ఇదే కట్టు.

మా మనవడి ధోతి ఫంక్షన్‌కు మేనమామ సిరిసిల్ల నుంచి ఎనిమిది మూరల చాపు తెచ్చాడు. మంచి నూలు, సన్నని ఆకుపచ్చ అంచు. పిల్లవాడి నడుము 26 అంగుళాలు, నడుము నుంచి చీలమండ దాకా 33. ఇంట్లోవాళ్లు ఎలాగోలా కట్టేద్దామన్నారు. నేను టేపు తీసుకుని లెక్క చూపించాను. 144లో సగం 72. వెనక నడుము నుంచి బొడ్డు దాకా 13, ముడికి 5, పోతే ఒక్కో పక్క మిగిలేది 54. కాళ్ల మధ్య నుంచి వెనక నడుము దాకా పిల్లవాడికి 26 అంగుళాలు చాలు. ఇంకా 28 అంగుళాల గుడ్డ వెనక దోపాలి. ఆ మూట పెట్టుకుని పిల్లవాడు పీట మీద కూర్చోలేడు. ముందువైపు 54 అంగుళాలూ నాలుగు అంగుళాల కుచ్చిళ్లు పోస్తే, ఒక్కో కుచ్చికి ఎనిమిది చొప్పున దాదాపు ఏడు కుచ్చిళ్లు. చిన్న పొట్ట మీద అంత దిండు నిలవదు.

ఆరు మూరలైతే సరిపోతుంది. 108లో సగం 54, ముడి దాకా 18 పోతే 36. వెనక గోచికి 26 పోను పది అంగుళాలు దోపుకు, ముందు 36కు నాలుగు కుచ్చిళ్లు, మిగిలిన నాలుగు అంగుళాలు దోపుకు. చాపులోంచి రెండు మూరలు తగ్గించి కత్తిరించాం. కత్తిరించిన కొసకు చెంగు చార ఉండదు, పోగులు ఊడతాయి. అందుకే దాన్ని సన్నగా మడిచి కుట్టి, వెనక గోచిలో దోపే వైపు ఉంచాం. చెంగు చార ఉన్న అసలు కొస ముందు కుచ్చిళ్లలోకి వచ్చింది. ఈ వరస తారుమారైతే ముందే కుట్టు కనిపిస్తుంది.

ఇక వెడల్పు. గుడ్డ 50, కావలసింది 33, మిగులు 17 అంగుళాలు. దీన్ని కత్తిరిస్తే ఒక అంచు పోతుంది, పిల్లవాడు పెరిగాక ఆ గుడ్డ పనికిరాదు. పైవైపు ఎనిమిదిన్నర అంగుళాల మేర లోపలికి మడిచి, మళ్లీ అంతే మడిచి, ఇస్త్రీ చేసి, కచ్చాకుట్టు వేశాం. ముడి పడే చోట ఒక చేతి పొడవు రెండు వైపులా కుట్టు వేయలేదు. మడతలతో కలిపి ముడి వేస్తే అది గుమ్మడికాయంత అయ్యి బొడ్డులో గుచ్చుకుంటుంది. కుట్టు లేని చోట గుడ్డను సన్నగా నులిమి ముడి వేస్తే చిన్నదై బిగుస్తుంది.

కట్టించాక పిల్లవాడు అడిగాడు, "తాతా, ఉరికితే ఊడుతదా?"

"ముడి ఊడదు బిడ్డా. ముందు చెక్కినవి ఊడితే మళ్లీ చెక్కుకో. ఎనక గోచి మాత్రం నువ్వు ముట్టకు, నన్ను పిలువు" అన్నాను.

వాళ్లమ్మకు భయం పోక రెడీమేడ్ ధోతి కూడా తెచ్చి పెట్టింది, లాగులాగా కుట్టి, ముందు కుచ్చిళ్లు అతికించి, నడుముకు సాగే పట్టీ వేసినది. దాని మీద నాకు కోపం లేదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు అదే నయం, ఒంటికి పోవాల్సి వస్తే గోచి విప్పేదాకా ఆగలేరు. పన్నెండేళ్ల వాడికి మాత్రం ముడి వేసి కట్టాలి, వేయడం నేర్పాలి. వాడు హారతి దాకా నాలుగుసార్లు ముందు కుచ్చిళ్లు దోపుకున్నాడు, వెనక గోచి కదలలేదు.

కచ్చాకుట్టు ఉన్న పంచెను అలాగే ఉతకకూడదు. మడతల లోపల గంజి పేరుకుని ఆ గీత మీద నూలు చిట్లుతుంది. కుట్టు విప్పి, ఉతికి, కొత్త మడత పాత గీత మీద పడకుండా వేలెడు పక్కకు జరిపి పెట్టాలి. ఏడాదికి ఒకసారి నడుము, కాలి పొడవు మళ్లీ కొలవాలి. కాలు రెండు అంగుళాలు పెరిగితే పైమడతలోంచి రెండు వదిలితే చాలు. నడుము 30కి వచ్చిందంటే ఆరు మూరల లెక్క ఆగిపోతుంది. అప్పటికి ముడి దాకా 20 పోయి 34 మిగులుతుంది, కాళ్ల మధ్య నుంచి వెనక దాకానే 30 పడుతుంది, దోపుకు నాలుగు అంగుళాలు నిలవవు. అప్పుడు ఎనిమిది మూరల చాపు కొత్తది తీసుకోవాలి, ఆరు మూరలది తమ్ముడికి వస్తుంది.